ఇంకా తీయని సినిమాకు ఒక పేజీ

సినిమా నిర్మాణానికి గ్రాంటు కోరుతూ పంపే దరఖాస్తులో డైరెక్టర్స్ స్టేట్‌మెంట్ అనే పేజీ ఒకటి ఉంటుంది. ఈ సినిమాను దర్శకుడు ఎలా చూస్తున్నాడు, ఎందుకు అలా చూస్తున్నాడు, ఆ చూపు తెర మీద ఏ రూపం తీసుకుంటుంది అన్నది అందులో దర్శకుడే తన మాటల్లో రాయాలి. నిడివి సాధారణంగా ఒక పేజీ. కొన్ని సంస్థలు ఇన్ని పదాలు మించకూడదని ముందే హద్దు గీస్తాయి. రాటర్‌డామ్ చిత్రోత్సవానికి చెందిన హ్యూబర్ట్ బాల్స్ ఫండ్, ఆమ్‌స్టర్‌డామ్ డాక్యుమెంటరీ ఉత్సవానికి అనుబంధంగా నడిచే ఇడ్ఫా బెర్తా ఫండ్, గోవాలో జరిగే ఫిల్మ్ బజార్ వంటి చోట్లకు ప్రాజెక్టు పంపేవాళ్లకు ఈ పేజీ ఏదో ఒక పేరుతో ఎదురవుతూనే ఉంటుంది. ‘ఆర్టిస్టిక్ అప్రోచ్’ అని అడిగినా, ‘నోట్ ఆఫ్ ఇంటెంట్’ అని అడిగినా చాలావరకు ఆరా ఇదే.

ఫెస్టివల్‌కు రాసేదానికీ గ్రాంటుకు రాసేదానికీ ఒక పెద్ద తేడా ఉంది. ఫెస్టివల్‌కు వెళ్లేది పూర్తయిన సినిమా. ఎంపిక చేసేవాళ్లు సినిమానే చూస్తారు కాబట్టి స్టేట్‌మెంట్ దానికి తోడుగా మాత్రమే ఉంటుంది. ఎంపికయ్యాక కేటలాగులోకో ప్రెస్ కిట్‌లోకో వెళ్తుంది. ఫిల్మ్‌ఫ్రీవే వంటి వెబ్‌సైట్లలో దానికి విడిగా ఒక గడి ఉంటుంది, పది వాక్యాల్లో ముగించినా లోటు లేదు. గ్రాంటు దగ్గరికి వచ్చేసరికి సినిమా ఇంకా లేదు. మహా అయితే అయిదు పది నిమిషాల ఫుటేజీ ఉంటుంది. లేని సినిమా ఎలా ఉండబోతోందో ఈ పేజీని బట్టే ఊహించుకోవాలి. కష్టమంతా ఈ రెండోదాన్ని రాయడంలోనే ఉంది కాబట్టి ఇక్కడి చర్చంతా దాని గురించే.

దరఖాస్తులోని మిగతా కాగితాల పని ఈ పేజీది కాదు. కథ చెప్పడానికి సినాప్సిస్ ఉంది. సినిమా మొదటి నుంచి చివరిదాకా ఎలా సాగుతుందో చెప్పడానికి ట్రీట్‌మెంట్ ఉంది. దర్శకుడి చదువు, పాత సినిమాలు, అవార్డులు బయోడేటాలో ఉంటాయి. స్టేట్‌మెంట్‌లో మళ్లీ కథ మొదలుపెడితే చదివేవాళ్లకు అదే విషయం రెండోసారి చదివినట్టవుతుంది, దర్శకుడు మాత్రం ఎక్కడా కనిపించడు.

పేజీ ఎలా తయారవుతుందో చూడటానికి ఒక ప్రాజెక్టును ఊహిద్దాం. భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువు దగ్గర రాత్రి కాపలా ఉండే మనిషి మీద ఒక డాక్యుమెంటరీ. దర్శకురాలు అదే ప్రాంతపు అమ్మాయి. ఆమె మొదటిసారి రాసిన స్టేట్‌మెంట్ ఇలా ఉందనుకుందాం:

‘ఆక్వా రంగంలో పనిచేసేవారి కన్నీటి గాథను ప్రపంచానికి చూపాలన్నదే నా తపన. ప్రకృతికీ మనిషికీ మధ్య జరిగే నిరంతర పోరాటాన్ని ఈ చిత్రం లోతుగా ఆవిష్కరిస్తుంది. హృదయాన్ని తాకే దృశ్యాలతో, కవితాత్మకమైన శైలిలో ప్రేక్షకులను ఆలోచింపజేస్తుంది.’

ఇందులో అబద్ధం లేదు. వ్యాకరణ దోషమూ లేదు. కానీ ‘ఆక్వా’ తీసేసి ‘పత్తి’ అని పెట్టినా, ‘బొగ్గు గని’ అని పెట్టినా ఒక్క మాట మార్చనక్కర్లేదు. ఏ సినిమాకైనా అతికే పేజీ ఏ సినిమా గురించీ చెప్పనట్టే. పైగా మూడు వాక్యాల్లోనూ ప్రేక్షకుడికి ఏం కలగాలో ఉంది కానీ తెర మీద ఏం కనపడుతుందో, ఏం వినపడుతుందో లేదు. హృదయాన్ని తాకిందో లేదో చూసినవాళ్లు చెప్పాల్సిన మాట.

ఇలాంటి డ్రాఫ్టును సరిచేయడానికి భాషకు మెరుగులు దిద్దితే చాలదు. ప్రతి వాక్యం పక్కన ‘ఇది తెర మీద ఏమవుతుంది?’ అని రాసుకుని జవాబు వెతకాలి. ‘నిరంతర పోరాటం’ ఏమవుతుంది? దానికి జవాబు కావాలంటే దర్శకురాలు మళ్లీ చెరువు గట్టుకు వెళ్లాలి.

అక్కడ గమనించాల్సినది ఒకటుంది. చెరువు నీటిలోని ప్రాణవాయువు చీకటి పడ్డాక తగ్గుతూ వచ్చి తెల్లవారుజామున బాగా పడిపోతుంది. అందుకే రాత్రంతా ఏరేటర్లు తిరుగుతూ నీళ్లను చిలుకుతుంటాయి. కరెంటు పోయి అవి ఆగితే వెంటనే జనరేటర్ వేయాలి. ఆలస్యమైతే రొయ్యలు చచ్చిపోతాయి, పంటంతా పోవచ్చు. గట్టు మీది షెడ్డులో కాపలా మనిషి ఆ చప్పుడులోనే కునుకు తీస్తాడు. చప్పుడు ఆగితే దిగ్గున లేస్తాడు. అందరూ శబ్దానికి నిద్ర లేస్తే ఇతను నిశ్శబ్దానికి లేస్తాడన్నమాట. సినిమాకు కావలసిన రూపం దర్శకురాలికి ఇక్కడ దొరికింది.

రెండో డ్రాఫ్టులో కీలకమైన పేరా ఇలా మారుతుంది:

‘ఈ సినిమాలో నేపథ్య సంగీతం ఉండదు. ఏరేటర్ల హోరు మొదటి షాట్ నుంచీ వినపడుతూనే ఉంటుంది. కాసేపటికి ప్రేక్షకుడు దాన్ని పట్టించుకోవడం మానేయాలని నా ఉద్దేశం, అతనూ పట్టించుకోడు కాబట్టి. కరెంటు పోయినప్పుడు ఆ హోరు ఆగుతుంది. అక్కడి నుంచి జనరేటర్ అందుకునేదాకా కట్ చేయను. అతని టార్చి, గట్టు మీది బల్బు తప్ప వేరే లైటు వాడను. అతనికి ఎంత కనపడుతుందో మనకూ అంతే కనపడాలి.’

ఈ పేరాలో పోరాటం అన్న మాట లేదు, ఆ అవసరమూ లేదు. కెమెరా ఏం చేస్తుంది, ధ్వని ఏం చేస్తుంది, ఎందుకు అన్నవి మాత్రమే ఉన్నాయి. ‘ఎందుకు’ అన్నది ప్రతి నిర్ణయానికీ ఆ మనిషి జీవితంలోంచే వచ్చింది. లైటు వాడకపోవడం ఇక్కడ సోకు కోసం కాదు. ‘సహజకాంతిలో తీస్తాం’ అని చాలామంది రాస్తారు కానీ, కారణం చెప్పకపోతే అది కెమెరామన్ ఇష్టాయిష్టాల జాబితాలా మిగులుతుంది.

కథాచిత్రాలకూ ఇదే వర్తిస్తుంది. చైతన్య తమ్హానే తీసిన ‘కోర్ట్’ 2014లో వెనిస్‌లో ప్రదర్శితమై ఒరిజోంటి విభాగంలో ఉత్తమ చిత్రంగా నిలిచింది. అందులో కెమెరా చాలావరకు దూరంగా, కదలకుండా నిలబడుతుంది. విచారణ ముగిశాక న్యాయవాదుల వెంట ఇళ్లకు వెళ్లి వాళ్లు సరుకులు కొనుక్కోవడం, టీవీ చూడటం కూడా చూపిస్తుంది. చివర్లో వేసవి సెలవులకు కోర్టు హాలు మూసి లైట్లు ఆర్పేశాక కూడా సినిమా ఆగదు, సెలవుల్లో ఉన్న జడ్జి దగ్గరికి వెళ్తుంది. న్యాయవ్యవస్థ మీద విమర్శ అని ఒక్క ముక్కలో చెప్తే ఆ సినిమా సగం కూడా అర్థం కాదు. న్యాయస్థానాన్ని రోజూ డ్యూటీకి వచ్చి పోయే ఆఫీసులా చూశారనీ, అందుకే కెమెరా ఆ మనుషుల వెంట ఇంటిదాకా వెళ్లిందనీ చెప్తే రూపమూ ఉద్దేశమూ ఒకచోట కలుస్తాయి. స్టేట్‌మెంట్‌లో రాయాల్సింది ఈ కలిసే చోటునే.

ఇక ‘ఈ సినిమా మీరే ఎందుకు తీయాలి?’ అన్న ప్రశ్న. దీనికి సొంత గాథ రాయడం అలవాటైపోయింది: చిన్నప్పుడు తాతయ్య చెప్పిన కథలు, ఊరి జ్ఞాపకాలు. చూపును మార్చే సంగతైతేనే సొంత విషయానికి ఇక్కడ చోటు. మన దర్శకురాలి తండ్రికి చెరువులు ఉన్నాయనుకుందాం. అంటే ఆమె కాపలా మనిషి బిడ్డ కాదు, యజమాని బిడ్డ. ఈ సంగతి దాచిపెట్టి ‘మా ప్రాంత ప్రజల కథ’ అని రాస్తే పేజీ మర్యాదగా కనపడుతుంది కానీ బలహీనపడుతుంది. చెరువు మీదికి సులువుగా వెళ్లగలుగుతున్నది ఆ సంబంధం వల్లే, ఆ మనిషి తన ముందు మనసు విప్పకపోవడానికీ అదే కారణం కావచ్చు అని ఒప్పుకుంటే, సినిమా ఆ దూరాన్ని ఎలా చూపబోతోందో కూడా చెప్పే వీలు దొరుకుతుంది.

ఇక్కడే మరో చిక్కు. అతను డ్యూటీలో నిద్రపోతాడన్నదే సినిమాకు ఆయువుపట్టు. ఆ దృశ్యం యజమాని చూస్తే అతని ఉద్యోగం ఊడవచ్చు. డాక్యుమెంటరీ గ్రాంట్ల దగ్గర తెర మీది మనిషి క్షేమం గురించిన ప్రశ్న తరచూ వస్తుంది, అనుభవమున్నవాళ్లు ఈ ప్రాజెక్టు చదవగానే ముందు అడిగేదీ అదే. జవాబు రెండు వాక్యాల్లో చాలు: రఫ్ కట్ మొదట అతనికే చూపిస్తామనీ, అతను వద్దంటే నిద్ర దృశ్యాలు తీసేస్తామనీ. తీసేస్తే సినిమా ఎలా నిలబడుతుందో కూడా దర్శకురాలు ఆలోచించి ఉండాలి. ఆలోచించకుండా మాట ఇస్తే ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్నకే తడబడుతుంది.

స్టేట్‌మెంట్ రాశాక బడ్జెట్ పక్కన పెట్టుకుని మళ్లీ చదవాలి. సినిమా అంతా శబ్దం మీద నడుస్తుందని రాసి, బడ్జెట్‌లో సౌండ్ రికార్డిస్టుకు మూడు రోజుల జీతం, డ్రోన్‌కు పది రోజుల అద్దె వేస్తే రెండింట్లో ఒకటి అబద్ధమని తెలిసిపోతుంది. ఆకాశం నుంచి చెరువులు అద్దాల్లా మెరుస్తూ బ్రహ్మాండంగా ఉంటాయి, నిజమే. కానీ ‘అతనికి కనపడినంతే మనకూ’ అన్న సినిమాలో ఆ షాటుకు చోటెక్కడ? కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు కాబట్టి షెడ్యూలులో వరుసగా చాలా రాత్రులు ఉండాలి. జత చేసిన ఫుటేజీలోనూ అదే ధ్వని వినపడాలి. ట్రైలర్‌లా కనపడాలని దాని మీద వేణువు సంగీతం పెట్టి పంపితే ‘సంగీతం ఉండదు’ అన్న వాక్యం అక్కడికక్కడే కొట్టుకుపోతుంది.

డాక్యుమెంటరీకి ముగింపు ముందే తెలియదు. ‘చివరికి అతను తన హక్కుల కోసం గళమెత్తుతాడు’ అని రాస్తే, ఇంకా జరగనిది ఎలా తెలిసిందన్న అనుమానం వస్తుంది. ఒక పంటకాలం పాటు అతని వెంట ఉంటామనీ, పట్టుబడి రోజున చెరువు ఖాళీ అయ్యాక ఏరేటర్లు ఆగిన రాత్రితో షూటింగ్ ముగుస్తుందనీ రాయడం నిజాయితీగా ఉంటుంది. ఆ రాత్రి అతనికి నిద్ర పడుతుందో లేదో అప్పటికిగానీ తెలియదు.