సలహాదారు పరిచయంలో ఒక్క పనే ఎందుకు ఉండాలి

స్వతంత్రంగా పనిచేసే ప్రతి సలహాదారుకీ విజిటింగ్ కార్డు వెనకో, లింక్డిన్ పేజీలోనో, సదస్సు కరపత్రంలోనో నాలుగైదు వాక్యాల పరిచయం ఒకటి ఉంటుంది. దాన్ని చదివేవారికి ఆయన జీవిత చరిత్రతో పనిలేదు. తమకొచ్చిన చిక్కు ఈయన వల్ల తీరుతుందా లేదా అన్నదొక్కటే చూస్తారు. అయినా చాలా పరిచయాలు దుకాణం బోర్డు మీది ‘ఇచ్చట అన్ని రకాల పనులు చేయబడును’ అన్న ధోరణిలోనే ఉంటాయి. ఏ గిరాకీ పోతుందోనన్న భయంతో ఒక్కొక్కటే చేరుస్తూ పోతే, చివరికి ఏ గిరాకీకీ గుర్తుండని పరిచయం తయారవుతుంది.

దీనికి కారణం చదివేవారి మనసు లెక్కలు వేసే తీరులో ఉంది. యింగ్ ఝాంగ్, అయెలెట్ ఫిష్‌బాక్, ఆరీ క్రుగ్లాన్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2007లో ప్రచురించిన పరిశోధన ఈ సంగతినే పరిశీలించింది. ఒక సాధనం ఎన్ని ఎక్కువ ప్రయోజనాలకు పనికొస్తుందని తెలిస్తే, వాటిలో ఒక్కొక్కదానికి అది అంత తక్కువగా పనికొస్తుందని మనుషులు అనుకుంటారు. లేజర్ పాయింటర్‌గా కూడా పనిచేస్తుందని తెలిసిన పెన్నును రాయడానికి ఎంచుకునేవారు తగ్గారు. ఆ రెండో ఉపయోగం వల్ల రాతకు వచ్చిన లోటేమీ లేదు, తగ్గింది నమ్మకం మాత్రమే. సలహాదారు పరిచయంలో పక్క పనులు చేసే చేటు కూడా సరిగ్గా ఇదే. అవి ఊరికే పడి ఉండవు, అసలు పని మీద నమ్మకాన్ని కొంచెం కొంచెంగా కొరికేస్తాయి.

గుంటూరులో ఆహార పరిశ్రమలకు సలహాలిచ్చే ఒక వ్యక్తిని ఊహించుకుంటే సంగతి తేలిగ్గా తెలుస్తుంది. ఆయన మైక్రోబయాలజీలో ఎమ్మెస్సీ చేసి, ఎనిమిదేళ్లు ఒక మిర్చి ఎగుమతి సంస్థ ప్రయోగశాలలో పనిచేసి, ఆ తర్వాత సొంతంగా సలహాలివ్వడం మొదలుపెట్టారు. ఆయన పరిచయం ఇలా ఉంటుంది: ‘ఆహార రంగంలో పద్దెనిమిదేళ్ల అపార అనుభవం. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సులు, ఐఎస్ఓ 22000, బ్యాంకు రుణాలకు ప్రాజెక్టు రిపోర్టులు, ప్రభుత్వ సబ్సిడీలు, యంత్రాల ఎంపిక, లేబులింగ్, ఎగుమతి నాణ్యత, సిబ్బంది శిక్షణ, వ్యక్తిత్వ వికాసం మొదలైన సేవలు అందించబడును. ఎంబీఏ పట్టభద్రులు. పలు సేవా సంస్థల్లో సభ్యులు.’ ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. కానీ యూరప్‌కు పంపిన కంటెయినర్ పరీక్షలో తప్పి కూర్చున్న ఎగుమతిదారుకు ఇందులో ఆగి చదవాల్సిన మాట ‘ఎగుమతి నాణ్యత’ ఒక్కటే. అది కూడా లేబులింగ్‌కూ శిక్షణకూ మధ్య ఇరుక్కుపోయి ఉంది.

పరిచయాన్ని తిరగరాయడం కలంతో మొదలవదు, పాత బిల్లులతో మొదలవుతుంది. గత రెండు మూడేళ్లలో చేసిన పనులన్నీ ఒక కాగితం మీద రాసి, ఒక్కొక్కదాని ఎదుట ఆ పని ఎవరు తెచ్చారు, రుసుము దగ్గర బేరం ఎంత సాగింది, అదే పని ఊళ్లో ఇంకెంతమంది చేస్తారు అన్నవి నమోదు చేయాలి. ఈయన విషయంలో లైసెన్సు పనులు ఎక్కువగా ఉంటాయి, కానీ వాటిని చేసేవారు వీధికొకరున్నారు, బేరమూ ఎక్కువే. అఫ్లాటాక్సిన్ పనులు తక్కువే అయినా వాటికోసం వచ్చినవారు ఎవరో ఒకరు పంపగా వచ్చారు, రుసుము గురించి పెద్దగా మాట్లాడలేదు. ఎక్కువసార్లు చేసిన పనినే ప్రత్యేకతగా ఎంచుకోవడం సహజంగా జరిగే పొరపాటు. చూడాల్సింది సంఖ్య కాదు, అవతలివారికి ఆ చిక్కు వల్ల పోయే డబ్బు ఎంత, దాన్ని తీర్చగలవారు ఎంత అరుదు అన్నది.

ఇక్కడ ఆ చిక్కు చిన్నది కాదు. అఫ్లాటాక్సిన్ అంటే ఆస్పర్జిల్లస్ జాతి బూజు తయారుచేసే విషం. కల్లంలో కాయ సరిగ్గా ఆరక ముందే కుప్ప పడినా, రాత్రి మంచుకు తడిసినా, తేమతో టిక్కీల్లోకి ఎక్కినా బూజు పట్టే వీలుంటుంది. యూరోపియన్ యూనియన్ మిర్చిలో అఫ్లాటాక్సిన్ బి1ను కిలోకు 5 మైక్రోగ్రాములకు, అన్ని రకాల అఫ్లాటాక్సిన్లూ కలిపి 10 మైక్రోగ్రాములకు పరిమితం చేసింది. సరుకు అంతకు మించి తేలితే రేవులోనే ఆగిపోతుంది. పైగా ఈ విషం బస్తా అంతా సమంగా ఉండదు, కొద్దిపాటి కాయల్లో పోగుపడి ఉంటుంది. అందుకే గుంటూరులో పాసైన సరుకు అక్కడి రేవులో తప్పవచ్చు. నమూనా ఎక్కడ నుంచి, ఎంత, ఎలా తీశారన్నది పరీక్ష యంత్రమంత ముఖ్యమవుతుంది. ప్రయోగశాలలో ఎనిమిదేళ్లు ఈ నమూనాలతోనే గడిపిన మనిషి తన పరిచయంలో ఆ సంగతిని ఒక్క ముక్కలో తేల్చేశాడంటే, తన దగ్గరున్న మేలు సరుకును వెనక గదిలో పెట్టి తాళం వేసినట్టే.

ప్రత్యేకతను ఎంత ఇరుకుగా ఎంచుకోవాలన్నది తర్వాతి ప్రశ్న. ‘నాణ్యత’ అన్నది ప్రత్యేకత కాదు, అందరూ చెప్పుకునే మాట. ‘ఆహార ఎగుమతుల నాణ్యత’ కొంత నయం. ‘ఎగుమతి మిర్చిలో అఫ్లాటాక్సిన్’ అంటే ఎవరు ఫోన్ చేయాలో, ఎప్పుడు చేయాలో వెంటనే తెలుస్తుంది. మరీ ఇరుకైందేమో అన్న అనుమానం తీర్చుకోవడానికి తేలికైన మార్గం ఒకటుంది. ఆ సేవ అవసరమయ్యే సంస్థల పేర్లను ఒక కాగితం మీద వరుసగా రాయడం. పేర్లు రాయలేకపోతే ఆ రంగం తనకు తెలియదని అర్థం. రాస్తే పట్టుమని పది కూడా రాకపోతే ఒక మెట్టు వెడల్పు చేయాలి. భారతీయ మిర్చికి అతిపెద్ద కొనుగోలుదారు చైనా. అందువల్ల యూరప్‌కు పంపేవారే అని గీత గీస్తే జాబితా బాగా కుదించుకుపోవచ్చు. యూరప్ పరిమితులను ఉదాహరణగా ఉంచి, ‘ఎగుమతి మిర్చి’ దగ్గర ఆగడం ఈయనకు సరిపోతుంది.

ఇక తీసివేతలు. కష్టమంతా ఇక్కడే, ఎందుకంటే తీసేయాల్సినవి కూడా నిజాలే, వాటి వెనక కష్టపడిన సంవత్సరాలున్నాయి. ప్రతి వాక్యాన్నీ ఒక మిర్చి ఎగుమతిదారు ముందు పెట్టినట్టు ఊహించుకుని, ఇది అఫ్లాటాక్సిన్ విషయంలో ఆయన నమ్మకాన్ని పెంచుతుందా, ఇంకో పని వైపు చూపు మళ్లిస్తుందా అని అడగాలి. చూపు మళ్లించేది ఎంత గొప్పదైనా పోవాల్సిందే. ఎంబీఏ పోతుంది, ఎమ్మెస్సీ ఉంటుంది. సబ్సిడీలు, రుణాలు, లేబులింగ్, వ్యక్తిత్వ వికాసం మొత్తంగా పోతాయి. ఐఎస్ఓ 22000 అర్హత సేవగా పోయి, గోదాముల్లో ఎక్కడ ఏం తప్పుతుందో పట్టుకునే తనిఖీ అనుభవంగా తిరిగి వస్తుంది. ‘పద్దెనిమిదేళ్ల అపార అనుభవం’ పోయి, ‘ఎనిమిదేళ్లు మిర్చి ప్రయోగశాలలో’ అన్నది వస్తుంది. పద్దెనిమిది కన్నా ఎనిమిది చిన్నదే, కానీ చదివేవారికి పనికొచ్చే అంకె అదే. అన్నిటికన్నా ముందు తీసేయాల్సింది ‘మొదలైనవి’ అన్న మాట. తీసేసినవన్నీ ఆ సందులోంచే మళ్లీ లోపలికొస్తాయి.

తిరగరాసిన పరిచయం ఇలా తేలుతుంది: ‘విదేశాలకు మిర్చి, కారం పంపే సంస్థల సరుకు అఫ్లాటాక్సిన్ పరీక్షలో తప్పకుండా చూడటం ఈయన పని. కల్లంలో ఆరబెట్టడం, కోల్డ్ స్టోరేజీలో తేమ, లోడింగ్‌కు ముందు నమూనా తీయడం, ఈ మూడు చోట్లా లోపం ఎక్కడుందో వెతికి సరిచేస్తారు. మైక్రోబయాలజీలో ఎమ్మెస్సీ. సలహాదారు కాకముందు ఎనిమిదేళ్లు మిర్చి ఎగుమతి సంస్థ ప్రయోగశాలలో పనిచేశారు.’ మొదటి వాక్యంలో ఎవరికి, ఏ చిక్కు అన్నవి రెండూ వచ్చేశాయి. లింక్డిన్‌లో పేరు కింద ఉండే శీర్షికకు 220 అక్షరాల పరిమితి ఉంది. ఈ మొదటి వాక్యాన్ని కొద్దిగా సవరిస్తే అందులో ఇమిడిపోతుంది. పాత పరిచయాన్ని ఏ పరిమితిలోనూ ఇమడ్చలేం.

ఇందులో ఒక వాక్యం కావాలనే రాయలేదు: ‘సరుకు వెనక్కి రాదని హామీ.’ విషం కొద్ది కాయల్లో పోగుపడే స్వభావం వల్ల ఆ హామీ ఎవరూ ఇవ్వలేరు, తెలిసినవారెవరూ ఇవ్వరు. ఒకే పని చెప్పుకునే పరిచయంలో అతిశయోక్తి మరింత కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, ఎందుకంటే దాన్ని చదివేవారు ఆ రంగంలో ఆరితేరినవారే. కొన్ని వృత్తుల్లో చట్టం కూడా గీత గీస్తుంది. న్యాయవాదుల ప్రచారంపై బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నిబంధనలు, చార్టర్డ్ అకౌంటెంట్ల ప్రచారంపై 1949 నాటి వారి చట్టం ఆంక్షలు పెడుతున్నాయి. వారు పరిచయాన్ని ఇలా మార్చబోయే ముందు ఆ హద్దులు చూసుకోక తప్పదు.

పరిచయంలోంచి తీసేసిన పనిని చేయడం కూడా మానేయాలని లేదు. పాత ఖాతాదారు లైసెన్సు రెన్యువల్‌కు వస్తే ఈయన చేసిపెట్టవచ్చు. కొత్తవారికి మాత్రం ఆ సంగతి ముందుగా చెప్పరు, అంతే తేడా. ఈ తేడా అర్థంకాక చాలామంది నెల తిరగకుండానే పాత వరుసను మళ్లీ చేరుస్తారు. మరో తప్పు, లింక్డిన్‌లో మార్చి కార్డు మీద పాతదే ఉంచడం, వాట్సాప్ బిజినెస్ ఖాతాలో ఇంకోటి ఉంచడం. సదస్సులో పరిచయం చేసే నిర్వాహకుడికి కొత్త వాక్యాలు రాసి చేతికివ్వకపోతే, ఆయన తనకు గుర్తున్న ‘ఆహార రంగ నిపుణులు’తోనే సరిపెడతాడు.

ఈ ఇరుకుదనం అందరికీ ఒకే మేలు చేయదు. ఎజ్రా జుకర్‌మన్, ఆయన సహ పరిశోధకులు హాలీవుడ్ నటుల మీద చేసిన అధ్యయనం 2003లో వచ్చింది. కొత్త నటులకు ఒకే రకం సినిమాలతో ముద్ర పడటం తర్వాతి అవకాశానికి సాయపడింది. స్థిరపడ్డ నటులకు ఆ మేలు తగ్గిపోయింది. సలహాదారుల్లోనూ పేరు వినగానే జనం గుర్తుపట్టే దశకు చేరినవారికి పరిచయం ఎలా ఉన్నా పెద్ద నష్టం లేదు. ఒకే సలహాదారున్న చిన్న ఊళ్లో అన్నీ చేస్తానని చెప్పుకోవడమే సరైన దారి కావచ్చు, అక్కడ ఎంపిక చేసుకునే అవసరం ఎవరికీ ఉండదు కాబట్టి.

కొత్త పరిచయం పనిచేస్తోందా లేదా అన్నది వచ్చే ఫోన్ల సంఖ్యలో తెలియదు. మొదట్లో అది తగ్గినా ఆశ్చర్యం లేదు. తెలిసేది ఫోన్లో మొదటి మాటలో. ‘మీరు ఏమేం చేస్తారండీ?’ అన్న ప్రశ్న పోయి, ‘మా లాట్ బి1 ఏడు చూపిస్తోందండీ, ఏం చేయమంటారు?’ అన్నది రావడం మొదలైతే పరిచయం చేరాల్సిన చోటికి చేరింది. మిర్చి విషయంలో దీన్ని తేల్చడానికి ఒకటి రెండు నెలలు చాలవు. కొత్త పంట యార్డుకు ముమ్మరంగా వచ్చేది జనవరి తర్వాత, వేసవి ఎండలు ముదిరే దాకా. ఆ సీజన్ ఒకటి పూర్తిగా గడిచాకే వాక్యాలను మళ్లీ ముట్టుకోవాలి.