శ్వాసనాళం ఎటు జరిగింది?

ఛాతీ ఎక్స్‌రే చేతికి రాగానే వైద్య విద్యార్థి చూపు తెల్లమచ్చ మీదికే పోతుంది. తప్పటడుగు అక్కడే. ముందు శ్వాసనాళం చూడాలి. ఎడమ ఊపిరితిత్తి మొత్తం తెల్లగా ఉందనుకోండి. నాళం కుడివైపుకు నెట్టుకుపోతే ఎడమ పక్క నీరు బాగా చేరి ఉండొచ్చు. ఎడమకే లాక్కుపోతే ఊపిరితిత్తి ముడుచుకుపోయి ఉండొచ్చు. రోగి పక్కకు తిరిగి నిలబడినా నాళం జరిగినట్టే కనిపిస్తుంది. అందుకే రెండు కాలర్ ఎముకల లోపలి కొసలు వెన్నుపూస ముల్లుకు సమదూరంలో ఉన్నాయా అని చూసుకోవాలి.

తర్వాత పక్కటెముకల్లో విరుగుళ్లు, రెండు ఊపిరితిత్తుల పోలిక, గుండె వెడల్పు, చివరికి డయాఫ్రం. నిలబెట్టి ఎదురుగా తీసిన ఫిల్ములో దాని పక్కమూల మొద్దుబారాలంటే సుమారు 200 మిల్లీలీటర్ల నీరు చేరాలి. అంతకు తక్కువ నీటిని అల్ట్రాసౌండ్ పట్టిస్తుంది.