ఫోన్‌లో ఒప్పుకున్న వాయిదాలు మెయిల్‌లో ఉన్నాయా?

ఉద్యోగం కోసం ఊరు మారేవాళ్లకు కంపెనీలు సామాన్ల రవాణాకు, కొత్త ఇంటి అడ్వాన్సుకు అని రీలొకేషన్ అలవెన్స్ ఇస్తుంటాయి. ఆఫర్ లెటర్‌లో ఎక్కడో చివర ఒక షరతు ఉంటుంది: ఏడాది లోపు మానేస్తే ఆ డబ్బు వాపసు ఇవ్వాలి. చేరేటప్పుడు ఆ లైను చదివేవాళ్లు తక్కువ. రాజీనామా పెట్టిన రోజున మాత్రం హెచ్‌ఆర్ విభాగమే దాన్ని గుర్తు చేస్తుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. విజయవాడ యువతి ఒకరు 2025 జులై 1న పుణెలో ఉద్యోగంలో చేరారు. రీలొకేషన్ అలవెన్స్ 1,20,000 రూపాయలు. పన్ను 24,000 పోగా చేతికి వచ్చింది 96,000. ఏడాది నిండకముందే మానేస్తే, మిగిలిన నెలల లెక్కన తిరిగి కట్టాలని ఆఫర్ లెటర్‌లో ఉంది. ఆమె 2026 ఫిబ్రవరి 28న, అంటే సరిగ్గా ఎనిమిది నెలలకు బయటికొచ్చారు. పన్నెండు నెలల్లో నాలుగు మిగిలాయి కాబట్టి కట్టాల్సింది 40,000.

"ఇరవై వేలు ఆఖరి జీతంలో పట్టుకుంటాం మేడమ్, మిగతా ఇరవై నెమ్మదిగా నెలకింత చొప్పున కట్టండి" అన్నారు హెచ్‌ఆర్‌లోని అమ్మాయి. మాట మంచిదే. కానీ ఆ అమ్మాయి రేపు వేరే కంపెనీకి వెళ్లిపోవచ్చు. ఆ సీట్లోకి వచ్చినవాళ్లకు కనపడేది ఫైల్లోని బాకీ ఒక్కటే. అప్పుడు మొత్తం ఒకేసారి కట్టమని నోటీసు వస్తే, వాయిదాలకు ఒప్పుకున్నారని రుజువు చేయడానికి ఏమీ ఉండదు.

ఆఖరి జీతంలోనే మొత్తం ఎందుకు పట్టుకోకూడదు? 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతన కోడ్ ప్రకారం ఒక వేతన కాలంలో కోతలన్నీ కలిపి వేతనంలో సగం దాటకూడదు. పీఎఫ్, వృత్తి పన్ను కూడా ఆ సగంలోకే వస్తాయి. నెల జీతం 50,000 అయితే 40,000 ఒకేసారి కోయడం కుదరదు. అదే కోడ్ ప్రకారం, రాజీనామా చేసినవాళ్లకు రావాల్సిన వేతనం రెండు పనిదినాల్లో ఇవ్వాలి. అందుకే లెక్క తేల్చుకోవాల్సింది ఆఖరి రోజుకు ముందే.

మెయిల్ పెద్దదిగా ఉండనక్కర్లేదు. ఇలా రాస్తే సరిపోతుంది:

"ఆఫర్ లెటర్‌లోని రీలొకేషన్ షరతు ప్రకారం నాలుగు నెలలకు 40,000 రూపాయలు తిరిగి ఇవ్వాలని నిన్న ఫోన్‌లో చెప్పారు. ఇందులో 20,000 ఫైనల్ సెటిల్‌మెంట్‌లో తీసుకుంటామని, మిగతా 20,000 ఏప్రిల్ నుంచి జులై వరకు ప్రతి నెలా 5వ తేదీన 5,000 చొప్పున, వడ్డీ లేకుండా కట్టవచ్చని అన్నారు. ఏ ఖాతాకు పంపాలో తెలియజేస్తూ, ఈ వివరాలు సరైనవేనని దయచేసి ధ్రువీకరించండి. వాయిదాలు నడుస్తుండగా రిలీవింగ్ లెటర్ ఆపరని, ఆఖరి వాయిదా తర్వాత నో డ్యూస్ పత్రం ఇస్తారని కూడా తెలియజేయగలరు."

ఇందులో రిలీవింగ్ లెటర్ ప్రస్తావన చాలామంది మర్చిపోతారు. కొత్త కంపెనీ అడిగేది దాన్నే. వాయిదాలు పూర్తయ్యేదాకా దాన్ని ఆపుతారేమో ముందే తెలియాలి.

పన్ను సంగతి ఇంకా చిక్కు. చేతికి 96,000 వస్తే, లెక్క మాత్రం 1,20,000 మీద వేశారు. రాని డబ్బుకు కూడా వాపసు కడుతున్నట్టే కదా! పైగా వాయిదాలు మార్చి 31 దాటుతున్నాయి. వసూలు చేసే మొత్తాన్ని మార్చిలోపు జీతం లెక్కల్లో చూపకపోతే, ఫారం 16లో మొత్తం 1,20,000 ఆదాయంగానే కనిపిస్తుంది. కాబట్టి "వాపసు పన్నుకు ముందు మొత్తం మీదా, తర్వాత మొత్తం మీదా? ఫారం 16లో ఎలా చూపిస్తారు?" అని అదే మెయిల్‌లో అడగాలి. కొన్ని కంపెనీలు ఈ వసూలు మీద జీఎస్టీ కూడా కలపాలని చూస్తాయి. ఉద్యోగం మధ్యలో మానేసినందుకు కంపెనీ వసూలు చేసే బాండ్ మొత్తంపై జీఎస్టీ వర్తించదని కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు 2022 ఆగస్టులోనే సర్క్యులర్ ఇచ్చింది. ఆ లైను కనిపిస్తే ఏ ఆధారంతో వేశారో అడగండి.

ఒక జాగ్రత్త. లెక్కలో అనుమానం ఉంటే "నేను 40,000 బాకీ ఉన్నాను" అని ఎప్పుడూ రాయకూడదు. సంతకంతో బాకీ ఒప్పుకున్న రాత లిమిటేషన్ చట్టం కింద వసూలు గడువును మళ్లీ మొదటి నుంచి మొదలుపెడుతుంది. "మీరు చెప్పిన లెక్క ఇది, దాని వివరాలు తెలియజేయండి" అని అడగడం మేలు.

జవాబు రాకపోతే రెండు రోజులాగి, పాత మెయిల్ కిందే మళ్లీ గుర్తు చేయాలి. మేనేజరును, జీతాల విభాగాన్నీ కాపీలో పెట్టాలి. ఆఫీసు మెయిల్ ఆఖరి రోజు సాయంత్రానికే మూతపడుతుంది కాబట్టి, మొదటి నుంచీ సొంత మెయిల్‌ను కూడా ఆ కాపీలో ఉంచుకోండి. జవాబు చేతిలో పడ్డాకే మొదటి వాయిదా పంపండి, ప్రతి చెల్లింపుకూ రసీదు అడగండి.