పెనం మీద పిజ్జా: కింద బొగ్గు, పైన పచ్చి

పోయిన ఎండాకాలం సెలవుల్లో ఎమ్మిగనూరులో అవ్వ వాళ్లింట్లో మొదటిసారి పిజ్జా చేశాను. అక్కడ ఓవెన్ లేదు. గ్యాస్ స్టవ్వు, జొన్నరొట్టెలు కాల్చే మందపాటి ఇనుప పెనం, అంతే. పిండి పరిచి, టమాటా సాస్ రాసి, చీజ్ చల్లి, మూతపెట్టి పెద్ద మంట మీద వదిలేశాను. ఆరు నిమిషాలకి అడుగు బొగ్గయ్యింది. పైన చీజ్ కరిగింది గానీ దాని కింద పిండి పళ్లకి అంటుకుంటోంది. అవ్వ ఒక ముక్క కొరికి, "ఏం నాయనా, రొట్టె కాల్చకుండానే కూర పోసినావే" అనింది.

అప్పుడు నవ్వుకున్నాం. తర్వాత కూర్చుని ఎందుకిలా అయ్యిందని వెతికితే, తప్పు మొత్తం అవ్వ చెప్పిన ఆ ఒక్క మాటలోనే ఉంది.

జొన్నరొట్టె ఎలా కాలుస్తారో చూసే ఉంటారు. రొట్టె తట్టి పెనం మీద వేసి, పైభాగమంతా తడిచేత్తోనో తడిగుడ్డతోనో నీళ్లు రాస్తారు. ఆ తడి ఆరగానే తిరగేస్తారు. గడియారం చూడరు, ఆ తడే వాళ్ల గడియారం. దీని వెనక ఉన్న సంగతి ఏంటంటే, నీళ్లు ఉన్నంతసేపు ఆ చోట వేడి 100 డిగ్రీలు దాటదు. ఎంత మంట పెట్టినా ఆ వేడంతా నీళ్లని ఆవిరి చెయ్యడానికే పోతుంది. పిండి ఎర్రబడి, కాలిన వాసన రావాలంటే సుమారు 140 డిగ్రీలు దాటాలి. అంటే ముందు ఆరాలి, తర్వాతే కాలాలి.

నా పిజ్జాలో జరిగిందేంటి? అడుగు ఇనుముకి ఆనుకుని ఉంది కాబట్టి తొందరగా ఆరింది, ఎర్రబడింది, మాడింది. పైన మాత్రం సాస్ తడి, దాని మీద చీజ్, ఆ పైన మూత లోపలి ఆవిరి. పైభాగం ఆరే దారే లేదు. చీజ్ కరగడానికి 60 డిగ్రీలు చాలు కాబట్టి, చీజ్ కరిగింది చూసి పిజ్జా అయిపోయిందనుకున్నాను. అక్కడే మోసపోయాను.

ఇంకో అపోహ కూడా ఉండేది. పిజ్జా హోటళ్ల కట్టెల పొయ్యిలో 300 డిగ్రీల పైనే ఉంటుంది కదా, మన పెనం అంత వేడెక్కదేమో అని. 2018లో ఆండ్రే వర్లమోవ్, ఆండ్రియాస్ గ్లాట్జ్ అనే ఇద్దరు ఫిజిక్స్ వాళ్లు, సెర్జియో గ్రాసో అనే ఆహార పరిశోధకుడితో కలిసి దీనికి లెక్క కట్టారు. రోమ్‌లో ఇటుక పొయ్యి దాదాపు 330 డిగ్రీల దగ్గర రెండు నిమిషాల్లో పిజ్జా కాలుస్తుంది. ఇటుక తన వేడిని మెల్లగా వదులుతుంది కాబట్టి పిండి అడుగుకి తగిలేది 210 డిగ్రీల దాకానే. లోహం అలా కాదు, ఉన్న వేడిని టక్కున పిండిలోకి తోసేస్తుంది. అందుకే స్టీలు పలకకి 230 డిగ్రీలు చాలు, పిజ్జా మూడు నిమిషాలకి కాస్త తక్కువలో కాలుతుందని వాళ్ల లెక్క. ఇనుప పెనం ఆ 230 సులభంగా అందుకుంటుంది, దాటేస్తుంది కూడా. కాబట్టి మనకి అడుగున వేడి తక్కువై కాదు, పైనుంచి వేడి లేకనే సమస్య.

ఇది అర్థమయ్యాక రెండోసారి ఇలా చేశాను. 200 గ్రాముల మైదా, 120 మిల్లీలీటర్ల నీళ్లు, ముప్పావు స్పూన్ ఉప్పు, పావు స్పూన్ ఇన్‌స్టంట్ ఈస్ట్, స్పూన్ చక్కెర, స్పూన్ నూనె. చక్కెర తీపి కోసం కాదు, తక్కువ వేడిలో కూడా రంగు రావడానికి. మా వైపు మే నెలలో పిండి గంటన్నరకే రెట్టింపు పొంగుతుంది. అందుకే కుండ నీళ్లతో కలిపాను, లేకపోతే పులిసిపోతుంది. దీన్ని రెండు ఉండలు చేసి, ఒక్కోటి జానెడు వెడల్పు, చపాతీకి రెండింతల మందం ఒత్తాను.

పెనాన్ని మధ్యస్థం మంట మీద ఏడెనిమిది నిమిషాలు కాల్చాలి. నీళ్ల చుక్క వేస్తే సుయ్‌మని అక్కడే ఆవిరైతే ఇంకా కాలలేదు. చుక్క ఉండలాగా పెనం మీద దొర్లితే కాలినట్టు. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో చూస్తే మా పెనం అప్పుడు 220 చూపించింది. (కరోనా టైంలో నుదుటికి పెట్టిన గన్ ఇక్కడ పనికిరాదు, అది జ్వరం వరకే చూపిస్తుంది. సరైన గన్ ఉన్నా తళతళలాడే స్టీలు మీద తక్కువ చూపిస్తుంది, నల్లటి ఇనుము మీద నమ్మొచ్చు.) నాన్‌స్టిక్ పెనాన్ని మాత్రం ఇలా ఖాళీగా కాల్చకండి. 260 డిగ్రీల దగ్గర్నుంచి దాని పూత చెడిపోవడం మొదలవుతుంది.

ఇప్పుడు అవ్వ పద్ధతి. ఏమీ రాయకుండా ఉత్త రొట్టె వేసి రెండు నిమిషాలు ఉంచాను. పైన బుడగలు లేచి, కింద అక్కడక్కడా గోధుమరంగు మచ్చలు పడ్డాయి. తిరగేశాను. కాలిన ముఖం పైకొచ్చింది కదా, ఇక అది పచ్చిగా ఉండే అవకాశం లేదు. దాని మీద పలచగా రెండు స్పూన్ల సాస్, చీజ్. సాస్‌ని ముందే నీళ్లు ఇంకేదాకా మగ్గబెట్టుకున్నాను. మంట బాగా తగ్గించి, గుంటగా ఉన్న మూత పెట్టి నాలుగైదు నిమిషాలు. మధ్యలో ఒకటి రెండుసార్లు మూత తీసి లోపలి నీళ్లు తుడిచాను. లేకపోతే అవి కారి మళ్లీ మొదటికొస్తుంది. పెనం మీద చీజ్ ఎర్రబడదు, కరుగుతుందంతే. దానికి పైనుంచి సెగ కావాలి.

ఆ సెగ కోసం ఆదోనిలో మా ఇంటి ఓటీజీలో చేశాను. అది 250 దగ్గర ఆగిపోతుంది. పది నిమిషాలకి లైటు ఆరిపోతే రెడీ అనుకుంటాం, కానీ వేడెక్కింది గాలి మాత్రమే. పాత ఇనుప పెనం ఒకటి (కట్టె పిడి లేనిది) లోపల బోర్లించి, రెండు రాడ్లూ ఆన్ చేసి అరగంట వదిలాను. ఆ పెనం మీదకి సాస్, చీజ్ వేసిన పచ్చి పిజ్జాని నేరుగా జార్చాను. ఇక్కడ పైనుంచి కూడా సెగ ఉంది కాబట్టి తిరగెయ్యక్కర్లేదు. ఎనిమిది నిమిషాలకి అయ్యింది, చీజ్ మీద మచ్చలు కూడా వచ్చాయి. ఉత్త మైక్రోవేవ్‌లో మాత్రం ప్రయత్నించకండి. అది నీళ్లని వేడి చేస్తుంది గానీ పిండిని కాల్చదు, రబ్బరు తిన్నట్టుంటుంది.

కాలిందో లేదో తెలియాలంటే చీజ్ వైపు చూడకండి. అట్లకాడతో అంచు లేపి అడుగు చూడండి. మచ్చలు గోధుమరంగులో ఉండి, మధ్యలో కూడా రంగు ఉండాలి. అంచు పట్టుకుని లేపితే మొన వేలాడిపోతే మధ్యలో ఇంకా తడి ఉన్నట్టు. అనుమానమొస్తే ఒక ముక్క కోసి పక్కనుంచి చూడండి. సాస్ కింద తెల్లగా, గుజ్జులాగా, బుడగలు లేని పొర కనిపిస్తే అది పచ్చి పిండి. అడుగు అప్పటికే ఎర్రబడి ఉంటే మంట ఎక్కువైనట్టు, ఈసారి తగ్గించి ఎక్కువసేపు ఉంచాలి. అడుగు కూడా తెల్లగా ఉంటే పెనం సరిగ్గా కాలకముందే వేసినట్టు.

దింపాక నేరుగా స్టీలు కంచంలో పెడితే అడుగు ఆవిరికి మెత్తబడిపోతుంది. అవ్వ జొన్నరొట్టెలు వేసే వెదురు బుట్టలో రెండు నిమిషాలు ఉంచి, అప్పుడు కోశాను.