రంగు మారే కళ్లద్దాలా? పవర్ గల చలువ కళ్లద్దాలా?

ఏలూరులో నివసిస్తూ తాడేపల్లిగూడెంలో వ్యాపారం చేసుకునే ఒక సోదరుడు ఇటీవల మాతో తన బాధ చెప్పుకున్నారు. ఉదయం ఆయన కారు తూర్పుకు సాగుతుంది, సాయంత్రం పడమరకు తిరుగుతుంది. రెండు పూటలా సూర్యుడు ఎదురే. అందుకని ఎండలో నల్లబడే ఫోటోక్రోమిక్ కళ్లద్దాలు చేయించుకున్నారు. కారులో అవి నల్లబడటమే లేదు. దుకాణదారు మోసగించాడని ఆయన అనుమానం.

మేము ఒక చిన్న పరీక్ష సూచించాము. అద్దంలో సగభాగంపై నల్లకాగితం అంటించి, ఆరుబయట ఎండలో రెండు నిమిషాలు ఉంచి కాగితం తీయాలి. తీసి చూస్తే తెరచి ఉంచిన సగం నల్లబడింది, కప్పిన సగం తెల్లగా మిగిలింది. అద్దాలలో లోపం లేదన్నమాట.

మరి కారణమేమిటి? ఈ అద్దాలలోని రసాయన అణువులు అతినీలలోహిత కిరణాలు తగిలినప్పుడు రూపం మార్చుకొని వెలుగును పీల్చుకుంటాయి. కిరణాలు తొలగితే పూర్వరూపానికి వస్తాయి. కారు ముందు అద్దం రెండు గాజు పలకల నడుమ ప్లాస్టిక్ పొర పెట్టి చేసినది. ఆ కిరణాలను అది దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. కళ్లు జిగేల్మనిపించే వెలుగు మాత్రం లోపలికి వస్తుంది. కారులో కొంత నల్లబడే ప్రత్యేక రకాలు ఉన్నా, అవి చలువ కళ్లద్దాలంత ముదురు కావు.

మరో రెండు పరిమితులున్నాయి. వేడి పెరిగిన కొద్దీ ఈ అద్దాలు తక్కువగా నల్లబడతాయి. కనుక మే నెల ఎండలో కంటే జనవరి ఎండలోనే ముదురుగా కనిపిస్తాయి. నల్లబడటానికి నిమిషం లోపే చాలినా, తిరిగి తెల్లబడటానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఎండలోంచి చీకటి గదిలోకి వెళితే ఆ కాసేపు చూపు మసకగానే ఉంటుంది.

పవర్ గల చలువ కళ్లద్దాల రంగు స్థిరం. ఎండకు సాధారణంగా వాడే మూడవ శ్రేణి అద్దం వెలుగులో 8 నుండి 18 శాతం మాత్రమే కంటికి చేరనిస్తుంది. నాల్గవ శ్రేణి మరీ ముదురు, వాహనం నడపడానికి అది తగదు. కొల్లేటి చేపల చెరువుల గట్టున ప్రయాణించేవారికి నీటిపై మెరుపును కోసే పోలరైజ్డ్ రకం మేలు. సాధారణ ఫోటోక్రోమిక్ అద్దం ఆ పని చేయదు. అయితే పోలరైజ్డ్ అద్దాలలోంచి కొన్ని ఫోను తెరలు నల్లగా కనిపిస్తాయి. కొనేముందు చూసుకోవాలి.

ఆ సోదరునికి మేము చెప్పినది ఇదే. నడకకూ, బజారుకూ ఉన్న అద్దాలే చాలు. కారుకు మూడవ శ్రేణి పవర్ అద్దాలు చేయించుకోవాలి. మగ్రిబ్ వేళ సమీపించగానే బండి పక్కకు ఆపి వాటిని తీసివేసి, మామూలు కళ్లద్దాలు పెట్టుకోవాలి. చీకటిలో నల్లద్దాలతో బండి నడిపితే, దీపం లేని సైకిలు దగ్గరకు వచ్చేదాకా కనిపించదు.