జిడ్డు పోవాలి, కళ మిగలాలి

మే నెల పెళ్లి, సాయంత్రం రిసెప్షన్. గంటల తరబడి నిలబడి అతిథులతో ఫొటోలు దిగిన పెళ్లికూతురిని ఫొటోగ్రాఫర్ చివర్లో ఒంటరిగా నిలబెట్టి, కెమెరా మీదున్న ఫ్లాష్‌తో ఒక ఫొటో తీశాడు. చూపు బాగుంది, నవ్వు బాగుంది. కానీ బొట్టుకు పైన, నుదుటి నడుమ తెల్లగా మెరిసే మరక. ముక్కు కొస మీద ఇంకొకటి. ఇంట్లో అందరికీ నచ్చిన ఫొటో కాబట్టి ఆల్బమ్‌లో అదే పెద్దదిగా రావాలి. ఆ మెరుపు మాత్రం పోవాలి.

చాలా ఆల్బమ్‌లలో ఈ పని ముఖాన్ని పాడుచేస్తుంది. చర్మమంతా నున్నబరిచే ఫిల్టరు వేస్తారు. జిడ్డుతో పాటు నుదుటి వంపు, ముక్కు దూలం, బుగ్గ ఎత్తు కూడా చెరిగిపోతాయి. అమ్మాయి తన ఫొటోలో తానే పరాయిదానిలా కనబడుతుంది. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం. ఎందుకంటే ఆ నష్టం అవసరమే లేదు.

మెరుపు ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే దాన్ని ఎంతవరకు తీయాలో తెలుస్తుంది. చర్మం మీద పడిన వెలుతురులో కొద్ది భాగం పైపొర మీదే తగిలి వెనక్కి వస్తుంది. మిగిలింది లోపలికి వెళ్లి, అక్కడి రంగును, రక్తపు ఎర్రదనాన్ని కలుపుకుని బయటికి వస్తుంది. మనం ఒంటి రంగు అనుకునేది ఈ రెండోదాన్ని. మొదటిదానికి చర్మం రంగు అంటదు, ఫ్లాష్ రంగే ఉంటుంది. నుదురు, ముక్కు మీద నూనె గ్రంథులు ఎక్కువ. నూనె, చెమట చర్మపు గరుకును పూడ్చేసి పైపొరను నున్నగా చేస్తాయి. అప్పుడు ఆ తిరుగు వెలుతురు చెదరకుండా ఒక్కచోట గుమిగూడి, గట్టి అంచున్న తెల్లమరకగా కనబడుతుంది. ఆరోగ్యంగా కళకళలాడే ముఖం మీదా మెరుపు ఉంటుంది. కాకపోతే దానికి అంచు తెలియదు, అందులో చర్మం రంగు ఉంటుంది. కాబట్టి మన పని మెరుపును చెరిపేయడం కాదు, మరకకు చర్మం రంగు తిరిగి ఇచ్చి అంచును కరిగించడం.

మన ఫొటోనే తీసుకుందాం. ఫొటోషాప్‌లో మరక నడుమ రంగు చూస్తే ఎరుపు 255, ఆకుపచ్చ 252, నీలం 246 అని ఉందనుకోండి. మూడూ దాదాపు సమానం, అంటే అది తెలుపు. దాని పక్కనే, జిడ్డు లేని నుదుటి మీద 196, 142, 110. ఎరుపుకూ నీలానికీ మధ్య 86 తేడా ఉంది. ఆ తేడాయే ఒంటి రంగు. ఇప్పుడు చాలామంది చేసేలా మరకను ఎంచుకుని వెలుతురు 15 శాతం తగ్గిస్తే 217, 214, 209 అవుతుంది. తెలుపు తగ్గి బూడిద రంగైందే గాని చర్మం రంగు రాలేదు. చామనఛాయ ముఖాల మీద ఇది విభూతి పూసినట్టు మరీ కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

సరైన దారి ఇది. ఫొటో మీద ఒక ఖాళీ లేయర్ తెరిచి, ఆ లేయర్ blend mode ను Darken చేయండి. Clone Stamp తీసుకుని, Mode దగ్గర Normal, Opacity దగ్గర 15 నుంచి 20 శాతం, Sample దగ్గర Current & Below పెట్టండి. బ్రష్ అంచు మెత్తగా ఉండాలి, వెడల్పు మరకలో సగం చాలు. Alt నొక్కి మరక పక్కనున్న మామూలు చర్మాన్ని ఎంచుకుని, మరక మీద నెమ్మదిగా పూయండి. Darken వల్ల, ఎంచుకున్న చర్మం కన్నా తెల్లగా ఉన్న చుక్కలే మారతాయి, ముదురుగా ఉన్నవి అలాగే ఉంటాయి. అందుకే చర్మరంధ్రాల నీడలు చెక్కుచెదరవు. పైగా పక్క చర్మంలోని గరుకు కూడా వచ్చి, పూర్తిగా తెల్లబడిన చోట కూర్చుంటుంది. ఉచితంగా దొరికే జింప్‌లోనూ లేయర్‌కు Darken only అనే ఇదే పద్ధతి ఉంది.

ఎంచుకునే చోటు దగ్గరలోనే ఉండాలి, అదీ తరచూ మారుస్తూ ఉండాలి. నుదుటి పైభాగానికి పైభాగం చర్మం, ముక్కు కొసకు ముక్కు పక్క చర్మం. బుగ్గ చర్మం తెచ్చి ముక్కు మీద పెడితే రంగు అతకదు. బొట్టు అంచునూ పాపిటబిళ్లనూ బ్రష్ తాకకూడదు. నగ మీది తళుకు ఉండాల్సిందే.

ఎక్కడ ఆపాలి? ముఖం చదునవ్వడం, అవ్వకపోవడం ఇక్కడే తేలుతుంది. మరక పూర్తిగా పోయేదాకా పూస్తే 196, 142, 110 దగ్గరికి వచ్చి, నుదురు గోడలా అవుతుంది. పనంతా అయ్యాక ఆ లేయర్ Opacity తగ్గించి, మొత్తం మార్పు 55 శాతం దగ్గర నిలిచేలా చూసుకోండి. అప్పుడు మరక నడుమ సుమారు 223, 192, 171 ఉంటుంది. ఎరుపు, నీలాల తేడా 9 నుంచి 52కు పెరిగింది, చర్మం రంగు వచ్చింది. అయినా చుట్టుపక్కల కన్నా వెలుతురు ఎక్కువే, కాబట్టి నుదుటి వంపు కనబడుతూనే ఉంది. ముక్కు దగ్గర ఇంకా పొదుపుగా ఉండాలి. ముక్కు ముందుకు పొడుచుకు వచ్చినట్టు కనబడేది దూలం మీది సన్నటి వెలుగు గీత వల్లా, పక్కల నీడల వల్లా. ఆ గీతను ఉంచి, కొస మీది చుక్కను మాత్రమే తగ్గించాలి.

ఫ్లాష్ సూటిగా కొట్టడం వల్ల ముఖం కొంత వెలవెలబోతే కళను కొద్దిగా కలపవచ్చు. Curves లేయర్ తెరిచి నడిమి వెలుతురును కాస్త పైకి లేపండి. మాస్క్‌ను నల్లగా చేసి దాచేసి, తెల్ల బ్రష్‌ను 5 శాతం Flow తో బుగ్గ ఎముక పైన, కనుబొమల పైవంపున, ముక్కు దూలం మీద మాత్రం పూయండి. బ్రష్ ఇంతకుముందు వాడినదాని కన్నా చాలా వెడల్పుగా ఉండాలి. సన్నటి బ్రష్‌తో పూస్తే మళ్లీ జిడ్డులా గట్టి అంచు పుడుతుంది. బుగ్గ నడుమ, కళ్ల కింద పూయకండి, అక్కడ వెలుతురు పెరిగితే ముఖం ఉబ్బినట్టుంటుంది.

మానిటర్ మీద పెద్దది చేసి పనిచేస్తూ ఉంటే కన్ను మోసపోతుంది. మధ్యమధ్య ఫొటోను బొటనవేలి గోరంత చేసి చూడండి. అంత చిన్నగా ఉన్నప్పుడూ ముక్కు ముందుకూ బుగ్గలు వెనక్కూ తెలుస్తుంటే పని సరిగా ఉన్నట్టే. పైన ఒక బ్లాక్ అండ్ వైట్ లేయర్ పెట్టి చూస్తే రంగు అడ్డు లేకుండా మచ్చలు, చదునుదనం బయటపడతాయి. నుదుటి మీద ఎక్కడైనా మసక తేలితే అక్కడ ఎక్కువ పూసినట్టు. లేయర్‌లో ఆ భాగాన్ని మెత్తని రబ్బరుతో తుడవండి.

ఈ పద్ధతికీ హద్దు ఉంది. నుదురంతా 255 అయిపోతే చుట్టూ తెచ్చుకోవడానికి చర్మమే మిగలదు. కెమెరాలో రా ఫైలు ఉంటే ముందు అందులో Highlights తగ్గించి చూడాలి. జేపెగ్ మాత్రమే ఉంటే, అదే వేళ తీసిన మరో ఫొటోను చూసుకోవడమే మేలు. తీసేటప్పుడైతే పని మరీ తేలిక: ఒక టిష్యూను నుదుటి మీద, ముక్కు మీద కొన్ని క్షణాలు అద్ది తీయాలి. రుద్దితే మేకప్ లేచి వస్తుంది, అద్దితే నూనె ఒక్కటే వస్తుంది.