ఫొటోలో ప్లాను, లారీలో కాంక్రీటు

మేస్త్రీ వాట్సాప్‌లో స్లాబ్ ప్లాను ఫొటో పంపి, రెడీమిక్స్ ఎంత చెప్పాలని అడుగుతాడు. ఫొటో మీద స్కేలు పెట్టి కొలవకూడదు. వంకరగా తీసిన ఫొటోలో ఒక గోడ పొడవుగా, ఎదురుగోడ పొట్టిగా పడుతుంది. రాసిన అంకెలనే నమ్మాలి. గదుల కొలతలు, గోడల మందాలు కూడితే బయటి కొలత రావాలి. రాలేదంటే ఏదో అంకె తప్పు చదివినట్టే.

ప్లానులో 30 అడుగులు, 40 అడుగుల 6 అంగుళాలు అని ఉందనుకుందాం. రెండోది 40.6 కాదు, 40.5. వైశాల్యం 1215 చదరపు అడుగులు. మెట్ల ఖాళీ 7 × 12, అంటే 84 తీసేస్తే 1131. స్లాబు మందం 5 అంగుళాలు. ఇది సాధారణంగా సెక్షన్‌లోనో నోట్స్‌లోనో ఉంటుంది, ఫొటోలో తెగిపోయేదీ ఆ మూలే. లేకపోతే ఊహించకుండా ఇంకో ఫొటో అడగాలి. 1131ని 5తో గుణించి 12తో భాగిస్తే 471 ఘనపుటడుగులు. దాన్ని 35.3తో భాగిస్తే 13.3 ఘనపు మీటర్లు.

చాలామంది ఇక్కడే ఆగిపోతారు, బీములు మరిచిపోయి! బీము లోతు 15 అంగుళాలైతే, పై 5 స్లాబులో లెక్కకొచ్చేశాయి. కింది 10 మాత్రమే కలపాలి. 9 అంగుళాల వెడల్పుతో మొత్తం 190 అడుగుల బీములకు మరో 3.4 వస్తుంది. మొత్తం 16.7. సెంట్రింగ్ కుంగడానికి, పంపు పైపులో మిగిలేదానికి కొంత కలిపి 17.5 చెప్పొచ్చు. అయితే ఆఖరి లారీని మాత్రం, మిగిలిన చోటు టేపుతో కొలిచాకే ఖాయం చేయాలి.